ఇరవై నాలుగు పేజీల సుప్రభాతం



షష్టిపూర్తికో, గృహప్రవేశానికో, ఊళ్లో గుడి వార్షికోత్సవానికో వచ్చినవాళ్లకు ఇవ్వడానికి ఒక చిన్న స్తోత్ర పుస్తకం వేయించడం మన ఇళ్లలో మామూలే. తాంబూలంతో పాటు చేతిలో పెడతాం. అట్ట మీద బంగారు రంగు ఉంటుంది, లోపల ఇచ్చినవాళ్ల ఫొటో ఉంటుంది. తీరా తెల్లవారి లేచి చదవబోతే అక్షరం కంటికి ఆనదు. శ్లోకంలో రెండు పాదాలు ఈ పేజీలో, మిగిలిన రెండు పాదాలు పేజీ తిప్పాక వస్తాయి. పిన్ను దగ్గర అక్షరాలు మడతలోకి వెళ్లిపోతాయి. ఇవన్నీ కంప్యూటరు ముందు కూర్చోకముందే తేలిపోవాల్సిన సంగతులు. ఒక పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా కట్టి చూపిస్తాను. మీ దగ్గర మూడు ఎ4 కాగితాలు, పెన్సిలు ఉంటే పక్కన పెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

మనం తీసుకునేది శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇది ఒకే స్తోత్రం కాదు, నాలుగు భాగాలు. సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. మొత్తం 70. మణవాళ మహామునుల శిష్యుడైన ప్రతివాది భయంకరం అణ్ణన్ రచనగా ఇది ప్రసిద్ధం. పేజీలు కట్టేవాడికి అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇందులో శ్లోకాలన్నీ ఒకే పొడవు కావు. సుప్రభాతంలో మొదటి రెండూ అనుష్టుప్పులు, అంటే రెండేసి వరుసలు. ఆ మొదటిది వాల్మీకి రామాయణం బాలకాండలోది కూడా. మూడో శ్లోకం నుంచి చివరిదాకా నాలుగేసి వరుసలు, నాలుగో శ్లోకం తప్ప అన్నీ వసంతతిలకం. స్తోత్రంలో చివరి శ్లోకం ఒక్కటీ రెండు వరుసలు, తక్కినవన్నీ నాలుగు. ప్రపత్తి అంతా నాలుగు. మంగళాశాసనం అంతా రెండు. కూడితే పుస్తకం మొత్తానికి 246 వరుసలు. ఈ లెక్క పది నిమిషాల పని. ఇది వేయకుండా డీటీపీ చేసేవాళ్ల దగ్గరికి వెళితే పేజీల సంఖ్యను వాళ్ల సాఫ్ట్‌వేరు నిర్ణయిస్తుంది, మనం కాదు.

ఇక కాగితం కొలత. ప్రెస్సుకు వెళితే మొదట వినిపించే మాట క్రౌన్ వన్ బై సిక్స్‌టీన్. ఇరవై అంగుళాలకు ముప్ఫై అంగుళాల డబుల్ క్రౌన్ షీటును ముప్ఫై రెండు ఆకులు చేస్తే వచ్చే సైజు అది. మూడుముప్పావు అంగుళాల వెడల్పు, అయిదు అంగుళాల ఎత్తు. అంచులు కోశాక ఇంకాస్త తగ్గుతుంది. వేల కాపీలకు అదే చవక, ఎందుకంటే షీటులో ముక్క వృథా పోదు. జేబులోకి చక్కగా దిగుతుంది కూడా. కానీ మన శ్లోకాలను ఆ ఎత్తులో పేజీకి మూడు చొప్పున పెట్టాలంటే అక్షరం 12 పాయింట్లకు దిగాలి. అరవై దాటినవాళ్లకు పంచే పుస్తకం అయితే నేను ఒప్పుకోను.

రెండోది ఎ6. ఎ4 కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి చేస్తే వచ్చేది. 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 ఎత్తు. చొక్కా జేబులో పెడితే పైన కాస్త బయటికి కనిపిస్తుంది, అంతే. నూరో, రెండు వందలో కాపీలు జిరాక్సు షాపులోనే వేయించేవాళ్లకు ఇదే తగిన సైజు. ఒక ఎ4 కాగితం రెండు వైపులా కలిపి ఎనిమిది పేజీలు ఇస్తుంది. మనం దీన్నే తీసుకుందాం.

అక్షరం ఎంత పెద్దది వేయగలం? దీనికి జవాబు అన్నిటికంటే పొడవైన వరుసలో ఉంటుంది. వసంతతిలకం పాదానికి 14 అక్షరాలు. అనుష్టుప్పును రెండు పాదాలు కలిపి ఒక వరుసగా వేస్తే 16. ఇక్కడితో అయిపోయిందనుకుని అక్షరం సైజు ఖాయం చేసేసేవాళ్లు చాలామంది. కానీ ప్రపత్తిలో మొట్టమొదటి శ్లోకం ఉంది, అది శార్దూల విక్రీడితం. పాదానికి 19 అక్షరాలు. డెబ్బై శ్లోకాల్లో ఇంత పొడవైనది అదొక్కటే. సుప్రభాతం అంతా అందంగా అమిరాక, పదహారో పేజీకి వచ్చేసరికి నాలుగు పాదాల్లోనూ చివరి పదం విరిగి కింది వరుసలో ఒంటరిగా పడుతుంది. చదివేవాళ్లు అక్కడ ఆగి, ఇది కొత్త పాదమా, పాత పాదమా అని వెతుక్కుంటారు.

అందుకని మొట్టమొదట టైపు చేయాల్సింది ఆ శ్లోకాన్ని. మడత వైపు 13 మిల్లీమీటర్లు, బయటి వైపు 11 మిల్లీమీటర్లు మార్జిన్ వదిలితే అక్షరాలకు మిగిలే వెడల్పు 81. మీరు ఎంచుకున్న ఫాంటులో ఆ నాలుగు పాదాలను 14 పాయింట్లలో వేసి, ప్రింటు తీసి, స్కేలు పెట్టి కొలవండి. 81లోపు ఉంటే సరే. అక్షరాలు వెడల్పుగా ఉండే ఫాంటు అయితే దాటిపోతుంది. అప్పుడు మూడు దారులు. పుస్తకం మొత్తాన్నీ 13 పాయింట్లకు దించడం ఒకటి. ఒక్క శ్లోకం కోసం అరవై తొమ్మిదింటిని చిన్నవి చేయడం నాకు నచ్చదు. రెండోది, ఛందస్సు ప్రకారం పన్నెండో అక్షరం దగ్గర విరుపు ఉంది కాబట్టి అక్కడ పాదాన్ని రెండుగా విరవడం. కానీ మొదటి పాదంలోనే ఆ విరుపు దగ్గర రెండు పదాలు సంధిలో కలిసి, ముందు పదం చివరి హల్లు తర్వాతి పదం మొదటి అక్షరంతో ఒత్తుగా ముడిపడి ఉంటుంది. విరిచామంటే ఆ అక్షరాన్ని విడగొట్టాలి. పైగా నాలుగు వరుసల శ్లోకం ఎనిమిది వరుసలై, తర్వాతి పేజీలన్నీ జరుగుతాయి. మూడోది, ఆ ఒక్క శ్లోకాన్ని మాత్రం ఒక పాయింటు తగ్గించడం. ప్రెస్సువాళ్లు మొహం చిట్లిస్తారు. కానీ చదివేవాళ్లలో దాన్ని గమనించేవాళ్లు దాదాపు ఉండరు. నా ఓటు మూడోదానికే.

వరుసలను రెండు అంచులకూ సమంగా సాగదీసే పద్ధతి శ్లోకాలకు వద్దు. పొట్టి పాదంలో మాటల మధ్య ఖాళీలు సాగి, అక్కడ ఆపి చదవాలేమో అనిపిస్తుంది. ఎడమ అంచుకు సర్ది వదిలేయండి.

వరుసకూ వరుసకూ మధ్య దూరం గురించి ఒక మాట. మన లిపిలో పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు. సంస్కృత శ్లోకంలో అయితే ఒక ఒత్తు కింద ఇంకొకటి కూడా వస్తుంది. ఇంగ్లిషుకు సరిపోయే దూరం పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. 14 పాయింట్ల అక్షరానికి వరుస దూరం 21 పాయింట్లు ఉంచండి. అంటే ఒక వరుసకు సుమారు ఏడున్నర మిల్లీమీటర్లు. పైన 15, కింద 14 మిల్లీమీటర్లు వదిలితే 119 మిగులుతుంది. పన్నెండు వరుసలు, శ్లోకాల మధ్య నాలుగేసి మిల్లీమీటర్ల ఖాళీ, అవసరమైన చోట ఒక శీర్షిక. ఇవన్నీ అందులో పడతాయి. అంటే పేజీకి పన్నెండు వరుసలు. నాలుగు వరుసల శ్లోకాలైతే మూడు.

ఇప్పుడు పేజీలు పరుద్దాం. ఒకటో పేజీ పేరు పేజీ. రెండో పేజీలో ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో వేయించారో. మూడో పేజీలో సుప్రభాతం శీర్షిక, దాని కింద మొదటి నాలుగు శ్లోకాలు. రెండు పొట్టివి, రెండు పొడుగువి, కలిపితే సరిగ్గా పన్నెండు వరుసలు. నాలుగో పేజీ నుంచి మూడేసి చొప్పున పోతే పదకొండో పేజీ చివర ఇరవై ఎనిమిదో శ్లోకం పూర్తవుతుంది. ఇరవై తొమ్మిదోది మిగిలింది. అది ఫలశ్రుతి.

ఇక్కడ మనసు ఒక మాట చెబుతుంది, ప్రతి భాగాన్నీ కొత్త పేజీలో మొదలుపెడితే బాగుంటుందని. చేసి చూడండి. ఇరవై తొమ్మిదో శ్లోకం పన్నెండో పేజీలో ఒక్కటే ఉంటుంది. ప్రపత్తిలో పదహారో శ్లోకానికీ అదే గతి. శ్లోకాలన్నిటికీ ఇరవై మూడు పేజీలు పడతాయి, ముందు రెండు కలిపితే ఇరవై అయిదు. ఎ4 కాగితానికి ఎనిమిది పేజీల లెక్కన ఇరవై నాలుగు దాటితే తర్వాతది ముప్ఫై రెండే. ఒక్క పేజీ కోసం కాపీకి ఒక కాగితం అదనం, చివర ఏడు ఖాళీ పేజీలు. ఆ ఖాళీలు నింపడానికి చేతికందిన అష్టకాలన్నీ చేర్చడం మొదలవుతుంది, వాటికి ప్రూఫు చూసేవాళ్లుండరు.

దానికి బదులు, పన్నెండో పేజీలో ఇరవై తొమ్మిదో శ్లోకం కింద స్తోత్రం శీర్షిక పెట్టి, దాని మొదటి రెండు శ్లోకాలూ అక్కడే వేయండి. మళ్లీ పన్నెండు వరుసలే. పదిహేనో పేజీ చివరకు స్తోత్రం ముగుస్తుంది. పదహారో పేజీలో ప్రపత్తి కొత్తగా మొదలవుతుంది, ఇరవయ్యో పేజీకి పదిహేను శ్లోకాలు అవుతాయి. ఇరవై ఒకటిలో పదహారోది, దాని కింద మంగళాశాసనం శీర్షిక, నాలుగు చిన్న శ్లోకాలు. ఇరవై రెండులో అయిదు, ఇరవై మూడులో అయిదు. ఇరవై నాలుగో పేజీ ఖాళీ. ఒక్క శ్లోకమూ రెండు పేజీల మధ్య చీలలేదు. మూడు ఎ4 కాగితాలతో పుస్తకం పూర్తయింది. అట్ట వేరుగా దళసరి కార్డుతో.

పక్కన పెట్టుకున్న కాగితాలు ఇప్పుడు తీయండి. ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. కంప్యూటరులో పేజీలు ఒకటి, రెండు, మూడు అని వరుసగా ఉంటాయి. కాగితం మీద అలా ఉండవు. ఒక్కో ఎ4ను అడ్డంగా రెండు ముక్కలు చేయండి. మన పుస్తకానికి ఇలాంటి ముక్కలు ఆరు కావాలి. ఆరూ ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడవండి. చిన్న పుస్తకం అయింది కదా? పెన్సిలుతో మొదటి పేజీ నుంచి ఇరవై నాలుగు దాకా అంకెలు వేసుకుంటూ వెళ్లండి. ప్రెస్సులో దీన్నే డమ్మీ అంటారు. ఇప్పుడు విప్పండి. అన్నిటికంటే బయటి ముక్క మీద ఒక వైపు ఎడమన 24, కుడిన 1 ఉంటాయి. వెనక్కి తిప్పితే 2, 23. తర్వాతి ముక్క 22, 3. దాని వెనక 4, 21. అన్నిటికంటే లోపలి ముక్కకు ఒక వైపు 14, 11. రెండో వైపు 12, 13.

ఏ జంటను కూడినా 25 వస్తుంది. పేజీల మొత్తానికి ఒకటి కలిపితే వచ్చే అంకె అది. బేసి సంఖ్య ఎప్పుడూ కుడి వైపే. డీటీపీ చేసినవాళ్లు ఇచ్చిన పీడీఎఫ్‌లో ఒక్క జంట 25 కాకపోయినా ప్రింటుకు ఇవ్వకండి.

ఒక ఎ4 మీద ఇలాంటి ముక్కలు రెండు, పైన ఒకటి, కింద ఒకటి వస్తాయి. కాగితాన్ని నిలువుగా పెట్టుకున్నప్పుడు ప్రింటరు దాన్ని పొడవాటి అంచు మీద తిప్పాలి. పొట్టి అంచు మీద తిప్పే సెట్టింగు ఉంటే వెనక పేజీలు తలకిందులవడమే కాకుండా, పై ముక్క వెనక కింది ముక్క పేజీలు పడతాయి. ఇరవై నాలుగు, ఒకటి వెనక రెండు, ఇరవై మూడు రావాల్సిన చోట నాలుగు, ఇరవై ఒకటి తలకిందులుగా కనిపిస్తాయి. అలా కనిపిస్తే తప్పు ఫైలుది కాదు, సెట్టింగుది. ఇంకొకటి, కాగితానికి సరిపోయేట్టు కుదించే సెట్టింగు తీసేయించండి. అది ఉంటే మీరు లెక్కపెట్టిన 14 పాయింట్లు చెప్పకుండానే తగ్గిపోతాయి. స్కేలు పెట్టి 81 మిల్లీమీటర్లు ఉన్నాయో లేదో చూస్తే తెలుస్తుంది.

శ్లోకాల అంకెల సంగతి. డెబ్బై శ్లోకాలకూ ఒకటి నుంచి డెబ్బై వరకు వరుసగా వేసిన పుస్తకాలు చూశాను. దానివల్ల వచ్చే ఇబ్బంది పదిమంది కలిసి చదివేటప్పుడు తెలుస్తుంది. ఆలస్యంగా వచ్చినావిడ పక్కావిడను ఎక్కడున్నారని అడుగుతుంది. ప్రపత్తిలో అయిదు అంటుంది ఆవిడ. వరుస అంకెల పుస్తకంలో ప్రపత్తి అయిదు నలభై అయిదుగా ఉంటుంది. 29కి 11 కలిపి, దానికి 5 కలిపి వెతికే వ్యవధి ఎవరికి ఉంది? కాబట్టి ప్రతి భాగంలోనూ మళ్లీ ఒకటి నుంచే. మరి నాలుగు చోట్లా ఒకటి, రెండు ఉంటే ఏది ఏదో ఎలా తెలియాలి? పేజీ పైన, మార్జిన్‌లో, భాగం పేరూ ఆ పేజీలో ఉన్న శ్లోకాల అంకెలూ చిన్న అక్షరాల్లో వేయండి. ప్రపత్తి 4 నుంచి 6 అని. పన్నెండో పేజీలోనూ, ఇరవై ఒకటిలోనూ రెండు భాగాలున్నాయి కాబట్టి అక్కడ రెండు పేర్లూ పడాలి.

అంకె శ్లోకం చివర, రెండేసి నిలువు గీతల మధ్య వస్తుంది. ఆ గీతలను కీబోర్డు మీద ఉన్న నిలువు గీతతో టైపు చేయడం అలవాటు. పదకొండో శ్లోకం దగ్గర దాని ఫలితం చూడాలి, గీతలూ ఒకట్లూ కలిసి ఆరు పుల్లలు నిలబెట్టినట్టుంటుంది. శ్లోకాంతానికి యూనికోడ్‌లో విడిగా జంట దండం ఉంది. దేవనాగరి, తెలుగు అన్నిటికీ ఒకటే. దాన్ని వాడి, అంకెకు రెండు వైపులా కాస్త ఖాళీ ఉంచండి. మీ తెలుగు ఫాంటులో ఆ గుర్తు లేకపోతే కంప్యూటరు వేరే ఫాంటు నుంచి తెచ్చుకుంటుంది, అది సన్నగానో పొట్టిగానో పడుతుంది. ప్రింటు మీదే కనిపించే తేడా ఇది. మన శార్దూలానికి మళ్లీ చిక్కు వస్తుంది, నాలుగో పాదం చివర అంకెకు చోటుండదు. ఆ ఒక్కదానికీ అంకెను కింది ఖాళీలో కుడి అంచుకు జరపండి.

అంకెలు తెలుగువా, మామూలువా అని కొందరు అడుగుతారు. తెలుగు అంకెలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ రెండుకూ మూడుకూ తేడా చూడగానే చెప్పగలిగేవాళ్లు ఈరోజు ఎంతమంది? వెతుక్కోవడానికి వేసే అంకెను వెతుక్కుని చదవాల్సి రాకూడదు.

మార్జిన్ల కొలతలు ముందే చెప్పేశాను, కారణాలు చెప్పలేదు. మడత వైపు 13 ఎందుకంటే పిన్ను కొట్టిన పుస్తకం బల్లపరుపుగా తెరుచుకోదు, లోపలి మూడు నాలుగు మిల్లీమీటర్లు వంపులోకి పోతాయి. బయటి వైపు 11లో రెండు కోతకు పోతాయి. లోపలి కాగితాలు బయటి కాగితాల కంటే కొద్దిగా ముందుకు పొడుచుకొస్తాయి. మన ఆరు ముక్కలకు అది అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, కోతలో పోతుంది. అరవై నాలుగు పేజీల పుస్తకమైతే అదే ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటుతుంది, అప్పుడు లోపలి పేజీల్లో అక్షరాలను మడత వైపు జరపాల్సి ఉంటుంది. కింద 14 బొటనవేలి కోసం. ఒంటి చేత్తో పుస్తకం పట్టుకునేవాళ్ల వేలు పేజీ అడుగున పడుతుంది. పేజీ అంకెను అక్కడ వేస్తే వేలి కిందే ఉంటుంది, అందుకే దాన్నీ పై మూలకు, బయటి వైపుకు పంపాలి.

కాగితం 80 జీఎస్‌ఎం మాప్లిథో చాలు. అంతకంటే పల్చనిదైతే వెనక పేజీ అక్షరాలు కనిపిస్తాయి. మందం ఎక్కువైతే ఇంత చిన్న పుస్తకం ముడుచుకోకుండా నోరు తెరుచుకుని ఉంటుంది.

కోత ఎప్పుడూ పిన్ను తర్వాతే. ముందు కోసి తర్వాత పిన్ను కొడితే అంచులు మెట్లుమెట్లుగా ఉంటాయి. మొదట ఒక్క కాపీ చేయించండి. పిన్ను సరిగ్గా పన్నెండు, పదమూడు పేజీల మధ్య పడాలి. స్తోత్రంలో రెండో శ్లోకం అయ్యాక మూడోది మొదలయ్యే చోటు అది. ఆ కాపీని రోజూ సుప్రభాతం చదివే అలవాటున్న ఎవరికైనా ఇచ్చి, పైకి చదవమని చెప్పి, మీరు పక్కన పెన్సిలుతో కూర్చోండి. వాళ్లకు కంఠస్థమే కాబట్టి అక్షర దోషాలను వాళ్ల నోరు దిద్దేసుకుంటుంది, వాటికోసం మళ్లీ విడిగా ప్రూఫు చూడాల్సిందే. మీరు చూడాల్సింది ఎక్కడ పుస్తకాన్ని దూరం జరుపుతున్నారు, ఎక్కడ వేలు తీసి మళ్లీ పెడుతున్నారు, పేజీ తిప్పాక ఎక్కడ తడుముకుంటున్నారు అన్నది. పదహారో పేజీలో తడుముకుంటే ఆ పొడుగు శ్లోకాన్ని మళ్లీ కొలవండి. అది సరిపోయిందంటే మిగతా కాపీలు వేయమని చెప్పేయవచ్చు.